ఒక ఫోను, ఇద్దరు మనుషులు



ముందు పాత రోజుల సంగతి ఒకటి చెప్పుకుందాం. అప్పట్లో ఊరు మొత్తానికి ఒకటో రెండో ఫోనులు ఉండేవి. కిరాణా కొట్లో ఒకటి, మోతుబరి ఇంట్లో ఒకటి. మిగతా వాళ్ళు తమ బంధువులకు ఆ నంబరే ఇచ్చేవారు. దాన్ని పి.పి. నంబరు అనేవారు. హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోను చేస్తే కొట్టు వాళ్ళు ఎత్తేవారు. "ఎవరండీ మాట్లాడేది?" అని కొడుకు ముందు అడిగేవాడు. వాళ్ళు పిల్లవాణ్ణి పంపి తల్లిని పిలిపించేవారు. ఆమె వచ్చి ఫోను అందుకున్నాక "అమ్మా, నువ్వేనా?" అని మళ్ళీ అడిగేవాడు. గొంతు గుర్తుపట్టిన తర్వాతే ఇంట్లో మాట బయటికి వచ్చేది. నంబరు ఒకటే అయినా, మాట్లాడే మనుషులు వేరని అందరికీ తెలుసు.

ఉత్తరానికి కూడా ఇలాంటి పద్ధతి ఉండేది. చదువు రాని తల్లి చెబుతూ ఉంటే పంతులుగారో, పోస్టుమానో రాసేవారు. చివర "ఇట్లు" అని పెట్టి తల్లి పేరు రాసేవారు. అదే కాగితం అడుగున కాస్త చోటు మిగిలితే కోడలు రెండు ముక్కలు చేర్చేది. ఆమె కూడా తన పేరు రాసేది. చదివేవాడికి ఏది ఎవరి మాటో తెలిసేది.

ఇప్పుడు మెసేజి వచ్చింది. అందులో గొంతు లేదు. "ఇట్లు" కూడా లేదు. పైన ఒక పేరు కనబడుతుంది గానీ, అది రాసిన మనిషి పేరు కాదు. అవతలి వాళ్ళు ఆ నంబరును తమ ఫోనులో ఏ పేరుతో దాచుకున్నారో ఆ పేరు. చాలా ఇళ్ళలో అది మగవాడి పేరే. కానీ ఫోను ఇంట్లోనే ఉంటుంది. అత్త రాస్తుంది, కోడలు రాస్తుంది, బడికి వెళ్ళే పిల్ల కూడా రాస్తుంది.

ఇది ఎక్కడో ఒక ఇంటి సంగతి కాదు. 2019 నుంచి 2021 వరకు దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. 15 ఏళ్ళ నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళను అడిగారు. తాము సొంతంగా వాడుకునే సెల్‌ఫోను ఉందని చెప్పినవాళ్ళు నూటికి 54 మందే. మిగతా వాళ్ళలో చాలామందికి ఇంట్లో ఇంకొకరి ఫోనే దిక్కు.

అలాంటి ఇల్లు ఒకటి అనుకుందాం. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ఊరు. అటు చూస్తే పత్తి, ఇటు చూస్తే మిరప. ఇంట్లో అత్త, కోడలు, కొడుకు, అయిదో తరగతి చదివే మనవడు. అత్తకు ఊరి పక్కన అరెకరం సొంత చేను ఉంది. అందులో మిరప వేసింది. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. నెమ్మదిగానైనా తన మాట తానే రాసుకోగలదు. కొడుకూ కోడలూ వాగు అవతల రెండెకరాలు కౌలుకు తీసుకున్నారు. అక్కడ కూడా మిరపే. కొడుకు కూలి పనికి పొరుగూరు వెళితే ఆ తోట చూసేది కోడలే. ఇంటికంతటికీ ఒకటే ఫోను.

ఊళ్ళో రైతు సేవా కేంద్రం ఉంది. 2020లో పెట్టినప్పుడు దాన్ని రైతు భరోసా కేంద్రం అనేవారు. అక్కడ వ్యవసాయ సహాయకురాలు పనిచేస్తుంది. పైరుకు ఏదైనా తెగులు వస్తే వాట్సాప్‌లో అడగమని ఆమె తన నంబరు ఇచ్చింది. ఈ ఇంటి నంబరు ఆమె ఫోనులో కొడుకు పేరుతో ఉంది.

ఒకరోజు సాయంత్రం ఆ నంబరు నుంచి వరుసగా మెసేజీలు వచ్చాయి.

6 గంటల 10 నిమిషాలకు: "మేడం, మిరప ఆకులు పైకి ముడుచుకున్నాయి. పూత రాలుతోంది. ఏం కొట్టాలి?"

6 గంటల 25 నిమిషాలకు: "ఆకు కిందకి వంగింది. కాడ సాగింది. గందకం కొట్టినా తగ్గలా."

6 గంటల 40 నిమిషాలకు: "ఇంతవరకు ఏ మందూ కొట్టలేదు మేడం. రెండెకరాలు."

6 గంటల 55 నిమిషాలకు: "అరెకరమే అమ్మాయ్. ఎన్ని గ్రాములు కొనాల."

చదివిన వాళ్ళకు ఏమనిపిస్తుంది? ఈ మనిషికి మతి కుదురుగా లేదు అనిపిస్తుంది. ఆకు పైకి అంటాడు, కిందకి అంటాడు. మందు కొట్టానంటాడు, కొట్టలేదంటాడు. రెండెకరాలు కాస్తా పావుగంటలో అరెకరం అయింది! విసుగు పుట్టిన మనిషైతే "ముందు సరిగ్గా చూసి రాయి" అని కసురుతారు. ఓపిక ఉన్న మనిషి ఇంకో తప్పు చేస్తారు. నాలుగు మెసేజీలనూ కలిపి ఒక కథ అల్లుతారు. "ముడత వచ్చింది, గంధకం కొట్టారు, తగ్గలేదు, చేను రెండెకరాలు" అని లెక్కవేసి ఒకటే మందు చెబుతారు. కసురుకోవడం కన్నా ఈ రెండోదే ఎక్కువ చెరుపు.

ఎందుకో చూద్దాం. మిరపలో ముడతలు రెండు రకాలు. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి, ఆకు దోనెలా అవుతుంది. దాన్ని పై ముడత అంటారు. నల్లి పడితే ఆకు అంచులు కిందకి వంగి, తిరగేసిన దోనెలా అవుతుంది. ఆకు కాడ కూడా సాగుతుంది. దాన్ని కింది ముడత అంటారు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. గంధకం నల్లి మీద పనిచేస్తుంది. తామర పురుగుకు అది మందు కాదు. తామర పురుగు కోసం కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి చావదు. పైగా కొన్ని ఘాటు మందులు పదే పదే కొడితే, నల్లిని తినే మంచి పురుగులు చచ్చిపోయి నల్లి ఇంకా పెరుగుతుంది.

2021లో ఈ జిల్లాల రైతులు తామర పురుగు దెబ్బ బాగా రుచి చూశారు. అంతకు ముందు ఇక్కడి మిరపలో లేని నల్ల తామర పురుగు ఆ ఏడు వచ్చి పడింది. అది పూలలో చేరుతుంది. పూత రాలిపోయింది. ఏ మందు కొట్టాలో తెలియక రైతులు చేతికి అందినదల్లా కొట్టారు. పెట్టుబడి పోయింది, తోటలూ పోయాయి. అందుకే మిరప రైతుకు "పైకా, కిందకా" అన్న ఒక్క మాట చాలా విలువైనది.

ఇప్పుడు లెక్క కూడా చూడండి. నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి 3 గ్రాములు కలుపుతారు. ఎదిగిన మిరపకు ఎకరానికి సుమారు 200 లీటర్ల నీరు పడుతుంది. అరెకరానికి 100 లీటర్లు. అంటే 300 గ్రాముల గంధకం చాలు. అదే రెండెకరాలు అనుకుని చెబితే 1,200 గ్రాములు. నాలుగు రెట్లు! అత్త ఆ మాట నమ్మి కొన్నదంతా అరెకరానికే కొడితే, ఎండ మీద ఆకు మాడిపోతుంది. డబ్బు దండగ సరేసరి. అటు కోడలు గంధకం కొట్టుకుని కూర్చుంటే తామర పురుగు పూతంతా రాల్చేస్తుంది. ఒక జవాబు, రెండు తోటలకూ నష్టం.

వ్యవసాయ సహాయకురాలు ఆ పని చేయలేదు. ఆమె మెసేజీలను మళ్ళీ మొదటి నుంచి చదివింది. మాట తీరు చూసింది. మొదటి దాంట్లోనూ మూడో దాంట్లోనూ "మేడం" అని ఉంది. నాలుగో దాంట్లో "అమ్మాయ్" అని ఉంది. మేడం అని పిలిచే మనిషి కాసేపటికే అమ్మాయ్ అని పిలవదు కదా! ఒకటి "కొట్టలేదు" అని రాసింది. ఇంకొకటి "తగ్గలా" అని రాసింది. గంధకాన్ని "గందకం" అని రాసింది. రాసేది ఇద్దరు కావచ్చునని ఆమెకు తోచింది.

తోచింది గానీ తేల్చుకోలేదు. ఎందుకంటే వేరే దారులు కూడా ఉన్నాయి. ఒకే మనిషికి రెండు చేలు ఉండవచ్చు. పిల్లవాడు అటు అత్త చెప్పింది, ఇటు తల్లి చెప్పింది రాస్తూ ఉండవచ్చు. మాట చెబితే ఫోనే అక్షరాలుగా మార్చే పద్ధతి ఒకటి ఉంది. అందులో "పైకి" అన్నది "కిందకి" కాకపోయినా, ఒక మాట ఇంకో మాటగా మారడం మామూలే. కాబట్టి "మీరు ఇద్దరు రాస్తున్నారు, నాకు తెలిసిపోయింది" అనడం కూడా తొందరపాటే. ఒక్కరే అనుకోవడం ఎంత తప్పో, అడగకుండా ఇద్దరే అనుకోవడమూ అంతే తప్పు.

ఆమె అడిగిన తీరు చూడండి. వాట్సాప్‌లో ఒక మెసేజి మీద వేలు పెట్టి కుడివైపుకు లాగితే, ఆ మెసేజి చిన్నగా కిందకి వస్తుంది. దాని కింద మనం రాసిన జవాబు దానికే అంటుకుని వెళుతుంది. ఏ మాటకు ఏది జవాబో చదివేవాళ్ళకు తెలుస్తుంది. ఆమె మొదటి మెసేజిని అలా లాగి ఇలా రాసింది:

"ఆకులు పైకి ముడుచుకున్నది ఏ చేలో అండీ? ఊరి పక్కదా, వాగు అవతలదా?"

తర్వాత రెండో మెసేజిని లాగి ఇలా రాసింది:

"ఆకు కిందకి వంగింది కూడా ఆ చేలోనేనా, వేరే చేలోనా? ఈ మాట ఎవరు రాశారో పేరు కూడా పెట్టండి."

ఇందులో ఒక ఒడుపు ఉంది. "నువ్వెవరు?" అని ఆమె ముందు అడగలేదు. అలా అడిగితే రాసినవాళ్ళు బెదురుతారు. తప్పు పట్టుకున్నారేమో అనుకుంటారు. చేను సంగతి అడిగితే ఎవరూ బెదరరు. చేను ఏదో తెలిస్తే జవాబు కుదురుతుంది. పేరు అడగడం ఆ వెనక వచ్చింది. ఇంకోటి, ఆమె "అన్నా" అనో "బాబాయ్" అనో పిలవలేదు. నంబరు కొడుకు పేరుతో ఉన్నా "అండీ" అని ఊరుకుంది. అండీ అంటే అత్తకూ సరిపోతుంది, కోడలికీ సరిపోతుంది.

కాసేపటికి రెండు జవాబులు వచ్చాయి.

"కోడలిని మేడం. పైకి ముడుచుకున్నది వాగు అవతల కౌలు తోట. రెండెకరాలు. ఏ మందూ కొట్టలేదు."

"అత్తని. కిందకి వంగింది ఊరి పక్క నా చేను. అరెకరం. గందకం ఒకసారి కొట్టా."

ముడి విడిపోయింది. మతిలేని మాటల్లా కనబడినవన్నీ నిజాలే. ఇద్దరూ తమ తమ చేను సరిగ్గానే చూశారు, సరిగ్గానే చెప్పారు.

అప్పుడు ఆమె రెండు జవాబులు వేరువేరుగా రాసింది. మొదట ఎవరికి జవాబో వాళ్ళ పేరు పెట్టింది.

"అత్తగారికి: గంధకం ఆకు పైన పడిందా, అడుగున పడిందా? నల్లి ఆకు అడుగున ఉంటుంది. పైపైన కొడితే తగ్గదు. ఈసారి గొట్టం కింద నుంచి పైకి పట్టి, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. 16 లీటర్ల డబ్బాకు 48 గ్రాములు. ఎండ ఎక్కకముందు, పొద్దున్నే కొట్టండి."

"కోడలికి: గంధకం మీ తోటకు కాదు. రేపు పొద్దున పది పూలు కోసి తెల్ల కాగితం మీద దులపండి. నల్లటి సన్న పురుగులు రాలితే ఫొటో తీసి పంపండి. అది చూశాక మందు పేరు కాగితం మీద రాసి ఇస్తాను. ఈలోపు నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి."

"గంధకం మీ తోటకు కాదు" అన్న వాక్యం చూశారా? అత్త జవాబును కోడలు కూడా చదువుతుంది. చదివి తన తోటకు కూడా అదే మందు అనుకోవచ్చు. అందుకే ఆమె ఆ ముక్క చేర్చింది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మెసేజి పక్కన రెండు నీలి గీతలు పడితే అవతల చదివినట్టు గుర్తు. కానీ చదివిందెవరు? ఆ గీతలు ఫోను తెరిచారని మాత్రమే చెబుతాయి. అడిగిన మనిషే చూసిందని చెప్పవు. కోడలు తెరిచి చూసి, వంటపనిలో పడి అత్తకు చెప్పడం మరిచిపోవచ్చు. అత్త ఫోను తీసేసరికి మెసేజి పాతదై పైకి పోతుంది. అందుకని ఆమె చివర "అత్తగారు చూశాక, చూశానని ఒక ముక్క రాయాలి" అని పెట్టింది. నీలి గీతలు నమ్ముకుని కూర్చోలేదు.

మర్నాడు మధ్యాహ్నం అదే నంబరు నుంచి వేరే మాట వచ్చింది.

"మేడం, నాకు అయిదో నెల. పత్తి చేలో మందు కొడుతుంటే నీళ్ళు అందించొచ్చా?"

పేరు పెట్టలేదు. కోడలిదని తెలుస్తూనే ఉంది. అయినా ఇది పురుగు సంగతి కాదు, ఒంటి సంగతి. ఇంట్లో ఎవరికి ఎంత తెలుసో వ్యవసాయ సహాయకురాలికి తెలియదు. జవాబు వెళ్ళేది మనిషి దగ్గరకు కాదు, ఫోను దగ్గరకు. కొన్ని ఫోనుల్లో తాళం తీయకుండానే మెసేజి మొదటి ముక్క పైన కనబడుతుంది. మామగారో, పక్కింటివారో, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు చూస్తారు. చాలా ఇళ్ళలో మెసేజీ గట్టిగా చదివి వినిపించేది పిల్లలే.

అందుకని ఆమె "నీ కడుపు" అనీ, "అయిదో నెల" అనీ తిరిగి రాయలేదు. "మందు కలిపేచోటికి, కొట్టేచోటికి వెళ్ళకండి. ఒక్కరే ఉన్నప్పుడు నాకు ఫోను చేయండి" అని రాసింది. అడిగినదానికి జవాబు ఉంది. చదివిన మూడో మనిషికి గుట్టు తెలియదు. నిజానికి ఆ మాట ఎవరికి చెప్పినా సరిపోయే మాటే. కోడలు ఫోను చేసింది. మిగతా సంగతులు గొంతుతో మాట్లాడుకున్నారు. అంగన్‌వాడీ దగ్గర ఏ.ఎన్.ఎం. వచ్చే రోజున అడగాల్సినవి కూడా చెప్పింది.

మూడోరోజు సంగతి ఇంకా పెద్దది. కోడలు పత్తి చేనుకు వెళ్ళలేదు. ఆమె బదులు అత్త కూలికి వెళ్ళింది. పత్తిలో గులాబీ రంగు పురుగుకు మందు కొడుతున్నారు. అత్త బిందెలతో నీళ్ళు మోసింది. కర్ర దొరక్క చేత్తోనే మందు కలిపింది. చీర కుచ్చిళ్ళు తడిశాయి. సాయంత్రం 7 గంటలకు వ్యవసాయ సహాయకురాలికి మెసేజి వచ్చింది.

"నాకు రెండుసార్లు వాంతి అయింది. కళ్ళు మసకగా ఉన్నాయి."

పేరు లేదు. ఆ నంబరు నుంచి అంతకు ముందు వచ్చిన మాట "నాకు అయిదో నెల" అన్నది. రెండు "నాకు"లూ ఒకరివే అనుకుంటే కథ ఎంత చక్కగా కుదురుతుందో చూడండి. కడుపుతో ఉన్న మనిషి, వాంతులు, కళ్ళు తిరగడం. "కాస్త నిమ్మకాయ నీళ్ళు తాగి పడుకోండి" అని రాసేయవచ్చు. అంత చక్కగా కుదిరిన కథే ఇక్కడ ప్రమాదం. పురుగుమందు ఒంట్లోకి పోయిన మనిషికి ప్రతి పావుగంటా ముఖ్యమే.

ఆమె రాయలేదు, వెంటనే ఫోను చేసింది. మనవడు ఎత్తాడు.

"ఎవరు నాన్నా మాట్లాడేది?"

"నేనండీ."

"వాంతులు ఎవరికి? అమ్మకా, నాయనమ్మకా?"

"నాయనమ్మకండీ. నాయనమ్మ చెబితే నేను రాశా."

ఇక్కడ గమనించండి. చెప్పింది నాయనమ్మ. రాసింది మనవడు. ఆమె "నాకు" అంది గనుక వాడూ "నాకు" అనే రాశాడు. అయిదో తరగతి పిల్లవాడు అంతకన్నా ఏం చేస్తాడు? మెసేజిలో "నేను" అన్న మాట ఎవరిదో ఆ మాట ఒక్కదానితో తెలియదు. చెప్పేవారు ఒకరు, రాసేవారు ఒకరు, ఫోను ఎవరి పేరున ఉందో వారు ఇంకొకరు కావచ్చు.

ఆమె ఇంకో మూడు మాటలు అడిగింది. "నాయనమ్మకు చెమటలు పడుతున్నాయా? నోట్లో నీరు ఊరుతోందా? దీపం దగ్గర కంటిపాప చూడు, చిన్నగా సూదిమొనలా ఉందా?" మూడింటికీ అవునన్నాడు. పత్తిలో కొట్టే కొన్ని మందులు ఒంట్లోకి పోతే ఇవే గుర్తులు. అవి మింగితేనే పోతాయని లేదు. చర్మం మీద పడి కూడా పోతాయి. తడిసిన చీర ఒంటి మీద ఉన్నంతసేపూ పోతూనే ఉంటాయి.

"అమ్మకు ఫోను ఇవ్వు" అంది. కోడలికి వరుసగా చెప్పింది. ముందు 108కి ఫోను చేయాలి. అత్త తడి చీర, రవిక తీసేసి, సబ్బుతో ఒళ్ళూ జుట్టూ కడగాలి. వాంతి చేయించడానికి గొంతులో వేలు పెట్టకూడదు. ఉప్పునీళ్ళు తాగించకూడదు. పడుకోబెడితే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మందు డబ్బా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డబ్బా మీద మందు పేరు ఉంటుంది. దాన్ని చూస్తే డాక్టరుకు విరుగుడు తేల్చుకోవడం తేలిక.

ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. "ఆ చీర మీరు ముట్టుకోవద్దు. కడగడానికి పక్కింటి వాళ్ళను పిలవండి. వాళ్ళను చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకోమనండి." అత్తకు కావలసింది ఒకటి, కోడలికి కావలసింది ఇంకొకటి. ఒకే ఫోనులో రెండూ చెప్పాల్సి వచ్చింది. ఇద్దర్నీ ఒక్క మనిషి అనుకుని ఉంటే రెండింట్లో ఒక్కటీ చెప్పలేకపోయేది.

పక్కింటావిడ వచ్చి కడిగింది. మనవడు పత్తి చేను వాళ్ళ దగ్గరకు పరిగెత్తి ఖాళీ డబ్బాను సంచిలో వేసి తెచ్చాడు. 108 బండి వచ్చింది. అందులోని మనిషి మొదట అడిగింది "పేషెంటు ఎవరు? వయసెంత?" అని. తర్వాత ఏ మందు, ఎన్ని గంటలకు పడింది, నోట్లోకి పోయిందా, ఒంటి మీద పడిందా అని అడిగాడు. మనవడు డబ్బా మీద పేరు కూడబలుక్కుని చదివాడు. "ప్రొ, ఫె, నో, ఫాస్."

అత్త మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో మెసేజి రాసేటప్పుడు మొదటి మాట పేరు. "అత్త:" అని రెండు చుక్కలు పెట్టి రాస్తుంది. కోడలు "కోడలు:" అని పెడుతుంది. మనవడు రాస్తే "నాయనమ్మ చెప్పింది, నేను రాశా" అని పెడతాడు. కొడుకు మాత్రం ఇంకా మరిచిపోతూ ఉంటాడు. అప్పుడు వ్యవసాయ సహాయకురాలు ఆ మెసేజిని లాగి "ఎవరండీ?" అని అడుగుతుంది. తన ఫోనులో ఆ నంబరుకు కొడుకు పేరు తీసేసి, ఆ ఇంటి పేరు రాసుకుంది. దాని పక్కనే "నలుగురు" అని చేర్చింది.